వోలటాలిటీ, గడువు మారితే కాల్ ధర ఎలా మారుతుంది?

ప్రశ్న: బ్లాక్-షోల్స్ సూత్రంలో వోలటాలిటీని, అంటే షేరు ధర ఊగిసలాటను, రెట్టింపు చేస్తే కాల్ ఆప్షన్ ధర రెట్టింపు కాలేదు, గడువును ఏడాది నుంచి మూడు నెలలకు తగ్గిస్తే పావు వంతూ కాలేదు. నా లెక్క తప్పా?

జవాబు: తప్పు కాదు. కాల్ అంటే గడువు నాడు ముందే అనుకున్న స్ట్రైక్ ధరకు షేరు కొనే హక్కు, దానికి కొనుగోలుదారు ముందుగా చెల్లించే ధరే ప్రీమియం. డివిడెండ్ లేని షేరు ధర S, స్ట్రైక్ ధర K రెండూ రూ. 100, వడ్డీ r 5%, వోలటాలిటీ σ 20%, సంవత్సరాల్లో గడువు T ఏడాది అనుకుందాం; N అంటే ప్రామాణిక నార్మల్ విభజనలో సంచిత సంభావ్యత.

```
d1 = [ln(S/K) + (r + σ²/2)T] / (σ√T) = 0.35
d2 = d1 − σ√T = 0.15
C = S·N(d1) − K·e^(−rT)·N(d2)
  = 63.68 − 53.23 = 10.45
```

వోలటాలిటీ 40% అయితే ధర రూ. 18.02. కొనుగోలుదారు నష్టం ప్రీమియం దగ్గరే ఆగిపోతుంది, లాభానికి మాత్రం హద్దు లేదు కనుక ఊగిసలాట పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. అయితే స్ట్రైక్ మొత్తాన్ని ఏడాది తర్వాత చెల్లించడం వల్ల కలిసివచ్చే వడ్డీ రెట్టింపు కాదు కాబట్టి, మొత్తం ధరా రెట్టింపు కాదు.

మూడు నెలలకు ధర రూ. 4.61. సూత్రంలో ఊగిసలాట `σ√T` రూపంలో ఉంటుంది కనుక గడువు పావు వంతైతే అది సగమే అవుతుంది. వడ్డీ భాగం మాత్రం దాదాపు పావుకు పడిపోతుంది, అందుకే ఫలితం సగానికి కాస్త తక్కువ. వడ్డీ సున్నా పెట్టి చూడండి: 7.97 కాస్తా 3.99 అవుతుంది.

చాలామంది `T = 0.25` బదులు 3 వేస్తారు. అప్పుడు సుమారు రూ. 20.9 వస్తుంది, మూడు నెలల కాల్ ఏడాది కాల్ కంటే ఖరీదైతే పొరపాటు అక్కడే ఉంది.