‘సాధారణీకరణ’ అనవచ్చునా?

*మెషీన్ లెర్నింగ్ పాఠాలకు తెలుగులో నోట్స్ రాస్తున్నాను. స్టాండర్డైజేషన్‌ని ‘ప్రామాణీకరణ’ అని, నార్మలైజేషన్‌ని ‘సాధారణీకరణ’ అని అనవచ్చునా? ‘స్కేలింగ్ ప్రతి అల్గారిథమ్‌కూ తప్పనిసరి’ అని రాశాను. సరేనా?*
*– ఓ పాఠకురాలు, హనుమకొండ*

మొదటి మాట బాగుంది. సగటును తీసేసి, ప్రామాణిక విచలనంతో భాగించే పని కాబట్టి ‘ప్రామాణీకరణ’లో ఆ లెక్క జాడ కూడా ఉంది. రెండోదే చిక్కు. కొన్ని ఉదాహరణల నుంచి సాధారణ సూత్రం రాబట్టడాన్ని ఇప్పటికే ‘సాధారణీకరణ’ అంటున్నాం. మీ సబ్జెక్టులో ఆ అర్థం అడుగడుగునా కావాలి. ఒకే మాటను రెండు పనులకు వాడితే చదివే పిల్లలు తికమకపడతారు. అంకెలను కనిష్ఠ, గరిష్ఠ విలువలను బట్టి 0, 1 మధ్యకు తెచ్చే పని కాబట్టి, నార్మలైజేషన్‌ని ‘మిన్-మాక్స్ స్కేలింగ్’ అనే రాయండి. తెలుగు మాట దొరకలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇక ‘తప్పనిసరి’ సంగతి. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి లోడుకు ధర అంచనా వేయాలనుకుందాం (అంకెలు నేను ఊహించినవే). కొత్త లోడు తేమ 9 శాతం, బరువు 2,000 కిలోలు. పాత లెక్కల్లో రెండు లోడ్లున్నాయి: ఒకటి 9 శాతం, 1,950 కిలోలు, ఇంకోటి 16 శాతం, 2,010 కిలోలు. దగ్గరి పోలికను వెతికే కె-ఎన్‌ఎన్ దూరం కొలిస్తే మొదటిది 50, రెండోది సుమారు 12. అంటే తడిసిన పత్తే దగ్గరి చుట్టమైంది! ధరను నిర్ణయించే తేమను కిలోల అంకె మింగేసింది.

మొత్తం డేటాలో తేమ 8 నుంచి 16 వరకు, బరువు 1,000 నుంచి 2,200 వరకు ఉందనుకోండి. ఇప్పుడు ఈ మిన్-మాక్స్ సూత్రం వాడదాం:

```
(x - min) / (max - min)
```

మొదటి లోడు దూరం 0.04 అవుతుంది, రెండోది 0.875. సరైన పోలిక ముందుకొచ్చింది.

డెసిషన్ ట్రీ దూరం కొలవదు. ‘తేమ 12 దాటిందా?’ అని అడుగుతుంది. స్కేల్ చేశాక అదే ప్రశ్న ‘0.5 దాటిందా?’ అవుతుంది, అటు వెళ్లే లోడ్లు, ఇటు వెళ్లే లోడ్లు అవే. రాండమ్ ఫారెస్ట్‌కూ అంతే. ఎస్‌వీఎం, కె-మీన్స్, పీసీఏ, న్యూరల్ నెట్‌వర్క్‌లు మాత్రం కె-ఎన్‌ఎన్ వైపే. మామూలు లీనియర్ రిగ్రెషన్‌లో గుణకాలు మారతాయి గానీ అంచనా మారదు. రిడ్జ్, లాసో అయితే మారుతుంది.

మిన్-మాక్స్ బలహీనత దాని పేరులోనే ఉంది: రెండు కొసల మీదే నిలబడుతుంది. కాంటా దగ్గర ఎవరో 2,000కి బదులు 20,000 కొట్టారంటే, మిగతా లోడ్లన్నీ 0.07 లోపే ఇరుక్కుపోతాయి. ప్రామాణీకరణ కూడా దెబ్బతింటుంది గానీ, సగటు, విచలనం అన్ని లోడ్ల నుంచీ వస్తాయి కనుక అంత సులువుగా లొంగదు.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘దూరాన్ని కొలిచే, అంకెల పరిమాణాన్ని బట్టి ఫలితం మారే అల్గారిథమ్‌లకు స్కేలింగ్ కావాలి, ట్రీలకు అక్కర్లేదు.’