ప్రభుత్వం మీద దావాకు ముందు నోటీసు

బెంగళూరులో ప్రభుత్వ శాఖ నా కాంట్రాక్టు బిల్లు ఆపేసింది, నేరుగా కోర్టుకెళ్లొచ్చా?

వెళ్లలేరు, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 ప్రకారం ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి, అది అందాక రెండు నెలలు ఆగాలి. కోర్టు దాకా రాకుండా తప్పు సరిదిద్దుకునే అవకాశం ప్రభుత్వానికి ఇవ్వడం కోసమే ఈ గడువు. రాష్ట్ర ప్రభుత్వం మీదైతే నోటీసు ప్రభుత్వ కార్యదర్శికో జిల్లా కలెక్టర్‌కో అందాలి, అందులో మీ పేరు, చిరునామా, దావాకు కారణం, మీరు కోరేదేమిటో ఉండాలి. నోటీసు ఇచ్చినట్టు దావాలోనూ రాయాలి, ఈ ఒక్క వాక్యం మర్చిపోయి ఇబ్బంది పడేవాళ్లున్నారు.

ఈలోపు కాలపరిమితి దాటిపోతుందనే టెన్షన్ చాలామందికి ఉంటుంది, కానీ లిమిటేషన్ చట్టం సెక్షన్ 15 ఆ రెండు నెలలను లెక్కలోంచి తీసేస్తుంది. ఉదాహరణకు మీ మూడేళ్ల గడువు జూన్ 30తో ముగుస్తుందనుకోండి, జూన్ 10న నోటీసు అందితే ఆగస్టు 10 దాకా ఆగి, ఆగస్టు 30లోపు దావా వేయొచ్చు. గడువు దాటాక ఇచ్చిన నోటీసు మాత్రం దాన్ని బతికించదు.

రేపే కూల్చేస్తారన్నంత అత్యవసరమైతే, కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేయొచ్చు, అయితే ప్రభుత్వం వాదన వినకుండా స్టే ఇవ్వరు. హైకోర్టులో రిట్‌కు కూడా ఈ నోటీసు కావాలనుకోవడం పొరపాటు, సెక్షన్ 80 సివిల్ దావాలకే.