టెక్ సందేహాలు: తప్పులు ఏ నిమిషంలో దొర్లుతున్నాయి?

ప్రశ్న: మధురవాడలో ఒక ఆఫీసులో ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్ చేస్తాను. రోజుకు 150 బిల్లులు. పని తెలుసు, అయినా విసుగొచ్చి చేతులు వాటంతటవే కొట్టేస్తుంటాయి. గత పది పని రోజుల్లో క్యూసీ, అంటే క్వాలిటీ చెక్ టీమ్, 24 తప్పులు పట్టింది. పనిని చిన్న చిన్న విడతలుగా చేయించే పోమోడోరో టైమర్ యాప్ పెట్టుకుందామంటే ఫోన్ ఫ్లోర్‌లోకి తీసుకెళ్లనివ్వరు. 90 నిమిషాలకోసారి తప్ప బ్రేక్ లేదు. క్యూసీ షీట్ జత చేశాను. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: టైమర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ షీట్‌లో రెండు కాలమ్‌లు చేర్చండి. బిల్లు సబ్మిట్ చేసిన టైమ్ A లో ఉంది. దానికి ముందు మీరు సీట్లో కూర్చున్న టైమ్, అంటే లాగిన్ అయినది గానీ బ్రేక్ నుంచి తిరిగొచ్చినది గానీ, B లో వేయండి. C లో ఈ ఫార్ములా:

```
=(A2-B2)*1440
```

ఇది కూర్చున్నాక ఎన్ని నిమిషాలకు తప్పు జరిగిందో చెబుతుంది. జవాబు గడియారం టైమ్‌లా కనిపిస్తే సెల్ ఫార్మాట్ Number కి మార్చండి.

మీ షీట్‌కు నేనిలా చేసి చూశాను. మొదటి అరగంటలో 4, రెండో అరగంటలో 6, మూడో అరగంటలో 14. ఏ అరగంటలోనైనా మీరు చేసిన బిల్లులు దాదాపు సమానమే కాబట్టి ఈ పోలిక చెల్లుతుంది. ఎక్కువ బిల్లులు చేసిన చోట తప్పులు ఎక్కువ ఉంటే అందులో వింతేమీ లేదు. అందుకే తప్పులతో పాటు బిల్లులనూ లెక్కపెట్టాలి.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. రాడార్ తెర చూసే సైనికులు గుర్తులను ఎందుకు వదిలేస్తున్నారో తేల్చడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే పరిశోధకుడు గడియారం ముల్లుతో పరీక్షలు చేసి 1948లో ఫలితాలు ప్రచురించాడు. మొదటి అరగంట దాటేసరికే పట్టుకోవడం తగ్గిపోయింది. మీ 14 తప్పుల్లో 9 ఒకే రకం: ముందు బిల్లు తేదీ గానీ వెండర్ కోడ్ గానీ ఈ బిల్లులోనూ పడింది. కన్ను కొత్త బిల్లు మీదే ఉంది, చెయ్యి మాత్రం పాతదాన్నే కొట్టింది. పని రానివాళ్లు చేసే తప్పు కాదిది, అలవాటైన చేతిది.

ఇప్పుడు పనిని బ్లాకులుగా విడగొట్టే సంగతి. మీకు ఒక్కో బిల్లుకు దాదాపు రెండున్నర నిమిషాలు పడుతోంది. కాబట్టి 12 బిల్లులు ఒక బ్లాక్, సుమారు అరగంట. బ్రేక్ లేకపోయినా పన్నెండో బిల్లు తర్వాత పని రకం మార్చండి: హోల్డ్‌లో ఉన్నవి చూడండి, వెండర్ మెయిళ్లకు జవాబివ్వండి. ఐదారు నిమిషాలు చాలు. లేచి నడవడానికి ఇది సమానం కాదు గానీ చేతి అలవాటు మాత్రం తెగుతుంది. ఆ మెయిళ్లు పొద్దున్నే అన్నీ ఊడ్చేయకుండా ఇందుకోసమే మిగుల్చుకోండి. నాలుగు పేజీల బిల్లులు, పన్ను విడివిడిగా వేయాల్సినవి బ్రేక్ నుంచి రాగానే తీసుకోండి. మీ క్యూలో సిస్టమే బిల్లు ఇస్తుంటే ఈ ఎంపిక మీ చేతిలో ఉండదు. ఈ షీట్ పట్టుకుని మీ టీమ్ లీడర్‌ను, అంటే టీఎల్‌ను అడగాల్సిందే.

ఫోన్ అక్కర్లేదు. విండోస్ 11 లో Clock యాప్ ముందే ఉంటుంది, అందులో Focus sessions ఉంది. సెట్టింగ్స్‌లో Focus period 30 పెట్టుకోండి. సెషన్ నడిచేటప్పుడు Do not disturb ఆన్ అవుతుంది, చాట్ మెసేజ్‌ల అలర్ట్‌లు రాకపోవచ్చు. టీఎల్‌కు ముందే ఒక మాట చెప్పండి.

ఆ తొమ్మిది తప్పులనూ ఆపడానికి బ్లాక్ ఒక్కటే చాలదు. విశాఖ స్టేషన్ నుంచి బయల్దేరే రైలు ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఎదురొచ్చే సిగ్నల్‌ను పైకి చెప్పుకుంటారు. ఎన్నేళ్ల అనుభవమున్నా చెప్పాల్సిందే. నోటితో అనాలంటే చూడక తప్పదు. మీరూ సబ్మిట్ నొక్కేముందు బిల్లు బొమ్మ మీద తేదీని వేలితో చూపిస్తూ గొణగండి, తర్వాత వెండర్ కోడ్. ఈ రెండే. అన్ని ఫీల్డులూ చదవబోతే వారానికల్లా అదీ మంత్రంలా నోటికొచ్చేస్తుంది, కన్ను మళ్లీ పక్కకు పోతుంది. బిల్లుకు నాలుగు సెకన్ల చొప్పున రోజుకు పది నిమిషాలు పోతాయి. హ్యాండ్లింగ్ టైమ్ లెక్కలో అది కనబడుతుంది కాబట్టి టీఎల్‌కు ఇదీ చెప్పి మొదలుపెట్టండి.

మరో పది రోజుల తర్వాత అవే కాలమ్‌లు మళ్లీ వేయండి. మూడో అరగంటలో 14 తగ్గిందా అన్నదే చూడండి. అది తగ్గకుండా తప్పులు మూడు అరగంటల్లోనూ సమానంగా పరుచుకుంటే, లేదా ఒకే వెండర్ దగ్గర పోగుపడితే, కారణం విసుగు కాదు. ఆ వెండర్ బిల్లులో తేదీ నెలతో మొదలవుతుందా రోజుతో మొదలవుతుందా, స్కాన్ మసకగా ఉందా అని చూడండి. దానికి ఏ టైమరూ పనిచేయదు, ప్రాసెస్ ట్రైనర్ దగ్గరికే వెళ్లాలి.