ఇంట్లో రాసే బాబు, బళ్ళో ఎందుకు రాయడు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. బాబు అయిదో తరగతి. పోయినసారి పేరెంట్స్ మీటింగులో టీచరు ‘నోట్సు పూర్తి చేయడు, ఎప్పుడూ పక్కవాడితో కబుర్లే’ అన్నారు. నాకు ఒళ్లు మండి ‘ఇంట్లో చక్కగా రాస్తాడండీ, మీ దగ్గరే ఎందుకు రాయడు?’ అనేశాను. ఆవిడ ముఖం మాడ్చుకున్నారు. ఈ శనివారం మళ్లీ మీటింగు. ఏం మాట్లాడాలి?

జవాబు: ‘ఇంట్లో రాస్తాడు’ అన్నది టీచరుకు తెలియని సంగతి, ఆవిడకు పనికొచ్చేదే. దాని వెనక తగిలించిన ‘మీ దగ్గరే ఎందుకు’తోనే వచ్చింది చిక్కు. అందులో ఆవిడకు నింద ఒక్కటే వినపడి ఉంటుంది.

శుక్రవారం రాత్రి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బడిలో బోర్డు చూసి రాసిన నోట్సు, రెండోది ఇంట్లో పాఠ్యపుస్తకం చూసి రాసిన హోంవర్కు. విజయవాడ నుంచి నా దగ్గరికొచ్చిన ఒకావిడ ఇలాగే చూసింది. హోంవర్కులో తప్పుల్లేవు. క్లాసు నోట్సులో వాక్యాలు సగంలో ఆగిపోయాయి, 8 ఉండాల్సిన చోట 3 ఉంది. ఆ పేజీలే టీచరుకు చూపించి, ‘ఈ తేడా నాకు అర్థం కావట్లేదండీ, మీరేమైనా గమనించారా?’ అని అడిగింది. టీచరు కాసేపు ఆలోచించి, ‘దసరా సెలవుల తర్వాత వెనక బెంచీకి మార్చాను. పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూడడం అప్పట్నుంచే’ అన్నారు. బోర్డు కనపడక పక్కవాణ్ణి అడుగుతుంటే అందరికీ కబుర్లలా కనిపించింది. తర్వాత పిల్లాడికి కళ్లజోడు వచ్చింది.

మీవాడిదీ చూపు సమస్యేనని చెప్పలేను. నిజంగా కబుర్లే కావచ్చు కూడా. అందుకే ‘ఏ పీరియడ్‌లో ఎక్కువండీ? ఎప్పట్నుంచి?’ అని అడగండి. బోర్డు మీద రాయించే పీరియడ్లన్నింట్లోనూ అయితే ముందు కళ్లు చూపించండి. ఒక్క స్నేహితుడి పక్కన ఉన్నప్పుడే అయితే సీటు మారిస్తే సరిపోవచ్చు. అన్నీ రాస్తూనే వెనకబడుతుంటే రాసే వేగం సంగతి చూడాలి.

కూర్చోగానే ‘పోయినసారి కాస్త గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి’ అనండి, చాలు. వివరణలు మొదలుపెడితే ఉన్న అయిదారు నిమిషాలూ వాటికే పోతాయి, వెనక క్యూ కూడా ఉంటుంది. ఆవిడ చెప్పేది నచ్చకపోయినా మధ్యలో అడ్డుపడకుండా రాసుకోండి. చేతిలో పెన్ను ఉంటే నోరు కాస్త ఆగుతుంది, ఇది నా స్వానుభవం.

లేచేముందు ఒక్క పని ఒప్పుకోండి, రెండు వారాలకే. ఆవిడ ముందు బెంచీలో కూర్చోబెట్టి, నోట్సు పూర్తయిన రోజు డైరీలో టిక్ పెడతారు. మీరు రోజూ రాత్రి చూసి సంతకం పెడతారు. నలభై మంది పిల్లల్లో ఆవిడ ఓ రోజు మర్చిపోవచ్చు, దానికి ఫోన్ చేసి నిలదీయకండి. బాబు పక్కనే ఉంటాడు కాబట్టి ఈ మాట వాడి ముందే అనుకోండి. ‘నీకు ఎక్కడ కూర్చుంటే బాగా కనిపిస్తుంది నాన్నా?’ అని టీచరు ఎదుటే వాణ్ణీ ఓసారి అడగండి.