కిటికీ వెలుగులో ల్యాప్‌టాప్: మాట్ స్క్రీనా, గ్లాసీనా?

ప్రశ్న: హాల్లో కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఫోటోలు ఎడిట్ చేస్తాను. మాట్ తీసుకోనా, గ్లాసీ తీసుకోనా? యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్ ఉంటే రంగులు తేడాగా కనిపిస్తాయా?

జవాబు: కోటింగ్ వల్ల వచ్చే తేడా చెప్పుకోదగ్గది కాదు. రంగుల్ని చెడగొట్టేది గది వెలుతురు.

కోటింగ్ లేని గాజు తన మీద పడిన కాంతిలో సుమారు 4 శాతం వెనక్కి పంపుతుంది. వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు, మీ వెనక కిటికీలో ఆకాశం 3000 నిట్స్ ఉందనుకుందాం. స్క్రీన్ మీద పడే కిటికీ బొమ్మ 120 నిట్స్ అవుతుంది. స్క్రీన్ తెలుపు 300 నిట్స్ ఉంటే అక్కడ ఎలాగో నెట్టుకురావచ్చు. ఫోటోలో చీకటి నీడలు మాత్రం ఒకటి రెండు నిట్స్‌కి మించవు, అక్కడ మీకు కనిపించేది కిటికీయే.

మంచి యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్ ఆ 4 శాతాన్ని 1 శాతం దగ్గరికి తెస్తుంది, అంటే 120 కాస్తా 30. ఇది గాజు మీద వేసిన అతి పల్చని పొరల పని: పొర పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అన్ని రంగుల కాంతీ ఒకే మేరకు తగ్గదు కాబట్టి మిగిలిన ప్రతిబింబం ఊదాగానో ఆకుపచ్చగానో ఉంటుంది. ఆ ఛాయ చూసి ఫోటోకి రంగు అంటిందని చాలామంది కంగారుపడతారు. అది ప్రతిబింబం రంగు, లోపలినుంచి వచ్చే ఫోటోది కాదు.

మాట్ దారి వేరు. దాని సన్నటి గరుకు కాంతిని తగ్గించదు, చెదరగొడుతుంది. కిటికీ ఆకారం పోయి, ఆ వెలుతురు తెర మీద తెల్లటి పొగలా పరుచుకుంటుంది. నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ వెలిసినట్టుంటాయి. పరికరంతో తెర రంగుల్ని కొలిచి సరిచేసే క్యాలిబ్రేషన్‌తో కూడా ఇది పోదు. కొలిచే పరికరం తెరకి ఆనించి పెడతారు కాబట్టి దానికి గది వెలుతురు కనిపించనే కనిపించదు.

షాపులో స్క్రీన్ ఆపించి, ఫోన్ టార్చి వేసి చూడండి. బల్బు తెల్లగా, స్పష్టంగా కనిపిస్తే కోటింగ్ లేదు, ఉన్నా నామమాత్రమే. స్పష్టంగా ఉంటూనే మసకబారి ఊదాగానో ఆకుపచ్చగానో ఉంటే కోటింగ్ ఉన్నట్టు. చుట్టూ వెలుగు చెదిరితే మాట్. తర్వాత స్క్రీన్ వేయించి తెల్ల పేజీ చూడండి, కొన్ని మాట్ తెరల మీద ఇసుక చల్లినట్టు రంగు రంగుల మెరుపులుంటాయి.

మీ పనికి కోటింగ్ ఉన్న గ్లాసీయే తీసుకోండి, కానీ ముందు బల్ల తిప్పి కిటికీని పక్కకి తెచ్చుకోండి. వీలుకాకపోతే మూత కోణం మార్చండి. తెరని 10 డిగ్రీలు వాల్చితే ప్రతిబింబం 20 డిగ్రీలు జరుగుతుంది. బల్ల కదలదు, పగలంతా అక్కడే టైపింగ్ అంటే మాట్ హాయి. తుడిచేటప్పుడు అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ వద్దు, కోటింగ్ మచ్చలు పడితే మళ్లీ రాదు. కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు.