తడి నేలపై కస్టమర్ జారిపడితే నివేదికలో ఏం రాయాలి, డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న: నేను ఒక సూపర్ మార్కెట్‌లో మేనేజర్‌ని. శనివారం సాయంత్రం ఫ్రీజర్ దగ్గర నీళ్లపై కాలు జారి ఒక పెద్దావిడ మణికట్టు విరిగింది. ఓనర్ గారికీ, బీమా కంపెనీకీ నివేదిక రాసివ్వమన్నారు. మధ్యాహ్నమే నీరు కారడం చూసి చెప్పానని మా దగ్గర పనిచేసే కుర్రాడు అంటున్నాడు. అది రాస్తే క్లెయిమ్ పోతుందా? ఆస్పత్రి ఖర్చు 68,000 రూపాయలు మేమే ఇచ్చేయవచ్చా?

జవాబు: ఆ కుర్రాడు చెప్పిన మాట తప్పకుండా రాయండి. షాపు వైపు లోపం ఉందని తేలితే బీమా అందదేమోనని చాలామంది భయపడతారు, కానీ ఈ తరహా బీమా పనిచేసే తీరు వేరు. పబ్లిక్ లయబిలిటీ కవర్ ఉన్నదే, బయటివారికి కలిగిన గాయానికి షాపు చట్టరీత్యా పరిహారం చెల్లించాల్సి వచ్చినప్పుడు ఆ భారాన్ని మోయడానికి. షాపు బాధ్యత ఏమీ లేదని తేలితే పరిహారంగా చెల్లించాల్సిందే ఉండదు. క్లెయిమ్‌కు నిజమైన ప్రమాదం దాచిపెట్టడం వల్ల వస్తుంది. మీరు వదిలేసిన విషయం తర్వాత కెమెరా రికార్డింగ్‌లోనో, ఆ కుర్రాడి వాంగ్మూలంలోనో బయటపడితే, ముఖ్యమైన సంగతి దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు.

అయితే చూసింది రాయడం వేరు, తీర్పు చెప్పడం వేరు. ‘మా నిర్లక్ష్యం వల్లే పడిపోయారు’ అని రాయకండి, ‘ఆవిడ చూసుకోకుండా నడిచారు’ అనీ రాయకండి. బాధ్యత ఎవరిదో తేల్చే పని మీది కాదు. పైగా షాపు తరఫున తప్పు ఒప్పుకోకూడదని, తన అనుమతి లేకుండా డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదని కంపెనీ సాధారణంగా పాలసీ షరతుల్లోనే రాస్తుంది. మీ నివేదికలోని వాక్యాలు ఇలా ఉంటే చాలు: ‘మధ్యాహ్నం సుమారు 3 గంటలకు ఫ్రీజర్ కింద నీరు చూసి ఫ్లోర్ సూపర్‌వైజర్‌కు చెప్పానని సహాయకుడు నాతో అన్నాడు. సాయంత్రం 6.40కి నేను అక్కడికి వెళ్లేసరికి నేలపై సుమారు రెండడుగుల మేర నీరు ఉంది. హెచ్చరిక బోర్డు కనిపించలేదు.’ మీరు కళ్లారా చూసినదేదో, ఇతరులు చెప్పగా విన్నదేదో ఇలా విడిగా తెలియాలి.

ఈ కేసు మొత్తం ఆ రెండు సమయాల మధ్య ఉన్న వ్యవధి మీదే నిలుస్తుంది. నీళ్లు ఒలికిన రెండు నిమిషాలకే ఎవరైనా పడితే తుడిచే అవకాశమే లేదని షాపు వాదించగలదు. మూడున్నర గంటలకు పైగా నీరు నిలిచి ఉంటే ఆ వాదన నిలబడదు. అందుకే నేల తుడిచిన రిజిస్టర్‌లో ఆ రోజు పేజీని ఉన్నది ఉన్నట్టుగా జతచేయండి. సంతకాలు లేని గడులు ఉంటే వాటిని ఇప్పుడు నింపవద్దు, ఎందుకంటే తర్వాత నింపినట్టు తేలితే మిగతా నివేదికను కూడా ఎవరూ నమ్మరు. కెమెరా రికార్డింగ్‌ను ఈ రోజే వేరే డిస్క్‌లోకి తీయించండి. చాలా షాపుల్లో కొన్ని వారాలకే పాతదాని మీద కొత్తది రికార్డవుతుంది. పడిన క్షణం ఒక్కటే సరిపోదు, మధ్యాహ్నం నుంచీ ఉన్న దృశ్యాలన్నీ కావాలి. ఫ్రీజర్ మరమ్మతు బిల్లులు కూడా వెతకండి. లోపం పాతదైతే అది వాటిలోనే కనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. గాయపడిన మనిషిని వెంటనే ఆస్పత్రికి చేర్చి ప్రథమ చికిత్స చేయించడం మానవధర్మం, అందులో వెనుకాడనక్కర్లేదు. కానీ 68,000 రూపాయల బిల్లు మొత్తాన్ని కంపెనీకి చెప్పకుండా కట్టేస్తే, ఓనర్ గారు ఆ సొమ్మును తిరిగి రాబట్టుకోలేకపోవచ్చు. ముందుగా పాలసీ షెడ్యూల్ తీసి చూడండి. షాపు ప్యాకేజీ పాలసీ ఉన్నంత మాత్రాన పబ్లిక్ లయబిలిటీ కూడా ఉన్నట్టు కాదు. అగ్నిప్రమాదం, దొంగతనం భాగాలు మాత్రమే తీసుకున్నవారు ఎందరో ఉంటారు. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ చట్టం కింద తీసుకునే పాలసీ ప్రమాదకర పదార్థాల వల్ల జరిగే ప్రమాదాలకు సంబంధించినది, పేరు చూసి దానితో పొరబడకండి.

ఉదాహరణకు మీ కవర్‌లో ఒక్కో ప్రమాదానికి పరిమితి 5 లక్షలు, షాపు భరించాల్సిన వాటా 5,000 అనుకుందాం. బాధ్యత షాపుదేనని కంపెనీ అంగీకరించి, ఆస్పత్రి ఖర్చు 68,000కు తోడు పని చేయలేని రోజుల నష్టం కింద 30,000తో రాజీ కుదిరితే, మొత్తం 98,000లో కంపెనీ 93,000 ఇస్తుంది. ఆవిడ కుటుంబం ఇప్పుడే డబ్బు కోసం ఇబ్బంది పడుతుంటే, ఎంత ఇవ్వదలిచారో రాసి కంపెనీ అనుమతిని ఈమెయిల్‌లో అడగండి, జవాబు వచ్చాకే చెల్లించండి. కవరే లేదని తేలితే ఆ భారమంతా ఓనర్ గారిదే కనుక, ఒక న్యాయవాదితో రాజీపత్రం రాయించుకున్నాకే మొత్తం ఇవ్వడం మేలు.

నివేదిక పూర్తిగా సిద్ధమయ్యేదాకా కంపెనీకి చెప్పకుండా ఆగకండి. ప్రమాదం జరిగిందని ఈ రోజే రెండు వాక్యాల్లో రాతపూర్వకంగా తెలియజేసి, వివరాలు తర్వాత పంపండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి ఆవిడ ఇప్పుడు ఏమీ అడగకపోయినా ఈ కాగితాలన్నీ భద్రంగా ఉంచండి. వకీలు నోటీసు వస్తే మీరు జవాబు రాయకుండా, అది వచ్చిన పోస్టు కవరుతో సహా వెంటనే కంపెనీకి పంపించండి.