అయిదో అంతస్తు మెట్ల గురించి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పొట్ట తగ్గడానికి లిఫ్టు మానేసి, పటమటలోని మీ అయిదో అంతస్తుకు మెట్లెక్కితే చాలునా అని అడిగావు. ముందు లెక్క చూద్దాం. నీలాగా 80 కిలోల బరువున్నవాడు అయిదు అంతస్తులు, అంటే దాదాపు 15 మీటర్ల ఎత్తు ఎక్కితే పన్నెండు, పదమూడు కేలరీలు ఖర్చవుతాయి. దిగడానికి అందులో మూడో వంతు చాలు. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగినా మొత్తం 70 దాటదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కనుక, తిండి పెరగకుండా ఉంటే నెలకు పావుకిలో తగ్గుతావు. మెట్లెక్కి వచ్చానన్న ధీమాతో సాయంత్రం ఒక ప్లేటు పునుగులు తిన్నావంటే ఆ రోజు కష్టమంతా అక్కడే చెల్లిపోతుంది. చాలామందికి ఫలితం కనబడనిది ఇందువల్లనే.

మొదటి వారం మూడో అంతస్తు దాకా లిఫ్టులో వెళ్లి, పై రెండు అంతస్తులు మాత్రమే ఎక్కు. తరువాత వారానికొక అంతస్తు కలుపుకో. మునివేళ్ల మీద కాకుండా పాదమంతా మెట్టు మీద ఆనించి, కొద్దిగా ముందుకు వంగి ఎక్కితే తొడలు, పిరుదుల కండరాలు పని చేస్తాయి. పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం తగ్గించు. కేలరీల ఖర్చులో ఎక్కువ భాగం ఎక్కడంలోనే ఉంది, మోకాళ్ల మీద ఒత్తిడి మాత్రం దిగేటప్పుడు ఎక్కువ. కాబట్టి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలైతే ఎక్కడం మానకుండా దిగడానికి లిఫ్టు వాడు. దీనికి సిగ్గుపడనక్కరలేదు. ఎక్కేటప్పుడే నొప్పి పుడితే మాత్రం కొన్నాళ్లు ఆపు.

ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నావు కనుక అరగంటకోసారి లేచి, ఫోను మాట్లాడుతూనైనా వరండాలో మూడు నిమిషాలు నడువు. రాత్రి అన్నం తిన్నాక కింద పార్కింగులో పదిహేను నిమిషాలు తిరుగు. దీనివల్ల ఖర్చయ్యే కేలరీలు కొద్దే అయినా, కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి భోజనం తరువాత అది ఎక్కువగా పెరగదు. మీ నాన్నకు చక్కెర వ్యాధి ఉంది గనుక నీకు మెట్లకన్నా ఈ నడకే ముఖ్యమని నా అభిప్రాయం.

మే నెలలో బెజవాడ ఎండకు మెట్ల దారి పొయ్యిలా ఉంటుంది. అప్పుడు పొద్దున్నే ఎక్కు. గుండెలో బరువుగా అనిపించినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా అక్కడే కూర్చుని ఎవరినైనా పిలువు, తగ్గిపోయిందని ఊరుకోక వెంటనే వైద్యుడికి చూపించు. తూకం రోజూ చూసుకోవద్దు. రెండు వారాలకొకసారి పరగడుపున, ఊపిరి మామూలుగా వదిలి, బొడ్డు దగ్గర టేపుతో కొలిచి రాసిపెట్టుకో.

అమ్మాయికీ, పిల్లలకూ ఆశీస్సులు.

మీ పెదనాన్న